జూరాల గేట్లు ఎత్తారు.. ఎన్ని? ఎప్పుడు?

వానాకాలం వచ్చిందంటే మా న్యూస్ డెస్క్‌లో అందరి నోటా ఒకటే ప్రశ్న: "జూరాల ఏమైంది?" కృష్ణమ్మ కర్ణాటకలో ఆల్మట్టి, నారాయణపూర్ దాటి మన వైపు వచ్చాక తగిలే మొదటి పెద్ద ప్రాజెక్టు అది. గద్వాల జిల్లా ధరూర్ మండలం రేవులపల్లి దగ్గర ఉంది. గేట్లు ఎత్తారంటే చూడటానికి బండెక్కే కుర్రాళ్లూ ఫోన్‌లో వెతుకుతారు, నది ఒడ్డున మోటార్లు పెట్టుకున్న రైతులూ వెతుకుతారు. హెడ్డింగ్ చూసి ఒకరు బయల్దేరతారు, ఇంకొకరు మోటారు పైకి లాగుతారు.

"జూరాలలో ఊహించని పరిణామం.. గద్వాలలో టెన్షన్!" అని పెడితే క్లిక్కులు పడతాయి. రైతుకు మాత్రం ఏమీ తెలీదు.

ఒక ఊహా లెక్క తీసుకుందాం. ఉదయం 10 గంటలకు ఇన్‌ఫ్లో 1.10 లక్షల క్యూసెక్కులు, అవుట్‌ఫ్లో 1.05 లక్షలు, ఎత్తినవి 20 గేట్లు. నేనైతే ఇలా పెడతా:

"జూరాల ప్రాజెక్టు 20 గేట్లు ఎత్తివేత.. ఉదయం 10కి దిగువకు 1.05 లక్షల క్యూసెక్కులు"

జనం టైప్ చేసేది "జూరాల", "గేట్లు". అందుకే ఆ రెండూ ముందు. ఫోన్‌లో హెడ్డింగ్ చివర తెగిపోయినా అసలు సంగతి మిగులుతుంది. ధరూర్ హెడ్డింగ్‌లో ఎందుకు లేదంటారా? వికారాబాద్ జిల్లాలోనూ ఒక ధారూర్ ఉంది. జిల్లా పేరు లేకుండా ఊరి పేరొక్కటే పెడితే తికమకే. అందుకే దాన్ని జిల్లాతో కలిపి మొదటి వాక్యంలో రాస్తా.

ఇక అంకెలు. పెద్దగా కనిపిస్తుందని ఇన్‌ఫ్లో ఎక్కించేస్తుంటారు. కానీ డ్యామ్ కింద ఉన్నవాళ్లకు కావాల్సింది అవుట్‌ఫ్లో. గేట్ల లెక్కొక్కటే ఇచ్చినా సరిపోదు. 20 గేట్లు కొంచెం కొంచెం ఎత్తితే వచ్చే నీళ్లకన్నా, 10 గేట్లు బాగా ఎత్తితే వచ్చేవే ఎక్కువ కావచ్చు. అవుట్‌ఫ్లోలో పవర్‌హౌస్ నుంచి వదిలే నీళ్లు కూడా కలుస్తాయి.

అన్నిటికన్నా త్వరగా పాతబడేది టైమే. మధ్యాహ్నానికి గేట్లు 12కి తగ్గొచ్చు. "తాజా", "ఇప్పుడే" అనే మాటలు సాయంత్రానికి అబద్ధం అయిపోతాయి, "ఉదయం 10కి" అన్న మాట రేపు చదివినా నిజమే. అందుకే లింకులో అంకె పెట్టను, `jurala-project-gates-lifted` అని వదిలేస్తా. లెక్క మారితే హెడ్డింగ్, మొదటి పేరా, టైమ్ మూడూ కలిపి మారుస్తా. వార్త మార్చకుండా టైమ్ మాత్రమే కొత్తది చేయడం కూడా మోసమే. గూగుల్ కూడా అలా చేయొద్దనే చెబుతుంది.

ఈసారి గేట్ల వార్త కనబడితే రెండే చూడండి: అది ఏ గంట లెక్క? వచ్చే నీళ్లా, వదిలే నీళ్లా? రెండూ లేకపోతే బండి తీయకండి. ఒడ్డున మోటారు ఉంటే మాత్రం ప్రాజెక్టు అధికారుల మాట కనుక్కోండి.