తిరస్కరణకు కారణం ఎంతవరకు చెప్పాలి?

రేషన్ కార్డు దరఖాస్తును తిరస్కరించినప్పుడు ఏ నియమం కింద తిరస్కరించారో పూర్తిగా చెప్పాలని అడిగితే అధికారుల నుండి వచ్చే జవాబు ఒక్కటే: "అంతా చెబితే, దానికి తగ్గట్టు కాగితాలు మార్చుకుని వస్తారు." ఈ భయంలో కొంత నిజం ఉంది. ఆ కొంత ఎంతో తేల్చకుండా మొత్తం దాచడమే మా అభ్యంతరం.

తెలంగాణలో 2014-2019 మధ్య 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. వివిధ శాఖల రికార్డులను ఒకే వ్యక్తి పేరిట కలిపి చూసే 'సమగ్ర వేదిక' అనే కంప్యూటర్ వ్యవస్థను అర్హత నిర్ణయానికి వాడారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు క్షేత్రస్థాయి పరిశీలనకు ఆదేశించింది. ఆ తరువాత పరిశీలించిన సుమారు 2 లక్షల దరఖాస్తుల్లో 15 వేలకు పైగా కుటుంబాలు అర్హులేనని తేలింది. హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుణ్ణి కంప్యూటర్ కారు యజమానిగా లెక్కగట్టిన ఉదంతం పత్రికల్లో వచ్చింది. కారు మరొకరిది, పేర్లు మాత్రం దగ్గరగా ఉన్నాయి. సయ్యద్, షేక్, మహమ్మద్ అన్న పేర్లు వీధి వీధికీ ఉండే మన బస్తీల్లో, ఒక్కో కార్యాలయంలో ఒక్కో అక్షరక్రమంతో నమోదయ్యే మన పేర్లతో ఇలాంటి పొరపాటు వింతేమీ కాదు.

ఆ కార్మికుడికి పంపగల నోటీసులు మూడు రకాలు. మొదటిది: "మీరు అనర్హులు." దీనితో ఆయన చేయగలిగిందేమీ లేదు. రెండవది: "నాలుగు చక్రాల వాహనం ఉన్నందున అనర్హులు." దీనికి ఆయన "నాకు కారు లేదు" అనగలడు, లేనిదాన్ని లేదని నిరూపించే కాగితం ఎక్కడ తెస్తాడు? మూడవది: "రవాణా శాఖ రికార్డులో ఫలానా నంబరు వాహనం మీ పేరిట ఉంది, కాదంటే ఇన్ని రోజుల్లో ఫలానా అధికారికి తెలపండి." ఇప్పుడు ఆ నంబరు యజమాని చిరునామా, తండ్రి పేరు తీసి చూస్తే విషయం ఒక్క పూటలో తేలిపోతుంది.

మూడవ నోటీసు వల్ల మోసానికి దారి ఏర్పడుతుందా? కారు నిజంగా ఉన్నవాడు నంబరు తెలిసినంత మాత్రాన రిజిస్ట్రేషన్‌ను చెరిపేయలేడు. తన గురించి ప్రభుత్వం నమ్మిన వాస్తవం దరఖాస్తుదారుడికి చెబితే దాన్ని సరిచూసే వీలు కలుగుతుందే గాని అబద్ధానికి ఆయుధం దొరకదు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(డి) కూడా పాలనాపరమైన నిర్ణయాలకు కారణాలను బాధితులకు తెలపాలనే చెబుతోంది.

చిక్కు వచ్చేది కొలత నియమాల దగ్గర. ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం కార్డుకు నెలకు 300 యూనిట్ల విద్యుత్ పరిమితిని బహిరంగంగానే ప్రకటించారు. 310 యూనిట్లు వాడే ఇల్లు రెండు మీటర్లు పెట్టించుకోవచ్చు. అందుకు మందు పరిమితిని దాచడం కాదు. దరఖాస్తుకు ముందు 12 నెలల బిల్లుల సగటును తీసుకోవడం. గడిచిన బిల్లులను ఎవరూ మార్చలేరు. పైగా ఒకే మీటరు మీద మూడు అద్దె కుటుంబాలు ఉన్నచోట, ఆ మీటరు నంబరు చెప్పకపోతే నిజమైన పేదవాడే నష్టపోతాడు.

దాచదగినవీ కొన్ని ఉన్నాయి. రెండు పేర్లు ఎంత శాతం కలిస్తే కంప్యూటర్ ఒకే మనిషిగా లెక్కిస్తుంది, ఏ లక్షణాలు కనబడితే ఫైలును అనుమానపు జాబితాలో పెడుతుంది అన్న సంగతులు బయటపడితే, పేరులో ఒక అక్షరం మార్చి తప్పించుకునేవారు ఉంటారు. వీటిని దరఖాస్తుదారుడికి చెప్పనవసరం లేదు. సామాజిక తనిఖీ చేసేవారికి, రాష్ట్ర ఆహార కమిషన్‌కు చూపితే చాలు. అయితే ఒక షరతు: బయటకు చెప్పలేని నియమంతో ఫైలును విచారణకు పంపవచ్చు, తిరస్కరించకూడదు. తిరస్కరించాలంటే విచారణలో దొరికిన, చెప్పగలిగిన వాస్తవమే ఆధారం కావాలి.

ఇంకొక మాట. దరఖాస్తు మూడు నియమాల దగ్గర ఆగితే మూడింటినీ ఒకేసారి చెప్పాలి. మొదటిదే చెప్పి పంపితే మనిషి అది సరిచేసుకుని వచ్చి రెండవదాని దగ్గర ఆగుతాడు. ప్రతిసారీ కూలీ పోతుంది, మీసేవ రుసుము పోతుంది. ఈలోగా దళారి ఆ మూడింటినీ డబ్బుకు చెబుతాడు. ఏళ్ల తరబడి దస్త్రాల మధ్య పనిచేసిన మేము చూసినంతవరకు, దాచిన నియమం మోసగాడికి ఎలాగో తెలిసిపోతుంది, తెలియనిది నిజాయితీపరుడికే.

కాబట్టి తిరస్కరణ కాగితం అందుకున్న ప్రతి కుటుంబమూ రాతపూర్వకంగా మూడు సంగతులు అడగాలి: ఏయే నియమాలు, ఏ రికార్డులోని ఏ నమోదు, దాన్ని సరిదిద్దే అధికారి ఎవరు. కంప్యూటర్ లోపలి లెక్క మనకు అక్కరలేదు. మన పేరిట అది రాసుకున్నదేమిటో మాత్రం మనకు తెలియాలి.