దీనారుకూ రూపాయికీ మధ్య డాలరు

జీతం చేతికందగానే రాయచోటికో రాజంపేటకో డబ్బు పంపాలనుకునే కువైట్ కార్మికుడు ఎక్స్ఛేంజ్ కౌంటర్ దగ్గర ముందుగా చూసేది దీనారుకు ఎన్ని రూపాయలన్న అంకెనే. నిజానికి దీనారు, రూపాయి సూటిగా చేతులు మారే పెద్ద మార్కెట్ లేదు. దీనారుకు డాలరుతో ఒక ధర, రూపాయికి డాలరుతో ఇంకో ధర ఉంటాయి. ఆ రెండింటి నుంచి లెక్కగట్టేదే క్రాస్ రేటు. బ్యాంక్ ఫర్ ఇంటర్నేషనల్ సెటిల్‌మెంట్స్ 2022లో చేసిన సర్వే ప్రకారం ప్రపంచ విదేశీ మారక లావాదేవీల్లో 88 శాతంలో ఏదో ఒక వైపు డాలరే ఉంది.

అయితే డాలరు ధర ఒక్కటి కాదు, రెండు. బ్యాంకు కొనేటప్పుడు చెప్పేది బిడ్, అమ్మేటప్పుడు చెప్పేది ఆస్క్. లెక్క కోసం ఇలా అనుకుందాం: డాలరు 85.00 రూపాయలకు కొంటారు, 85.04కు అమ్ముతారు. దీనార్లలో అదే డాలరును 0.3060కి కొంటారు, 0.3065కు అమ్ముతారు. ఊరికి డబ్బు పంపే మనిషి దీనార్లిచ్చి డాలరు కొన్నట్టు లెక్క, కాబట్టి అతనికి పడేది 0.3065. ఆ డాలరును రూపాయలకు అమ్మినట్టూ లెక్కే, అక్కడ దక్కేది 85.00. భాగిస్తే దీనారుకు సుమారు 277.32 రూపాయలు. ఎదురు దిశలో, రూపాయలిచ్చి దీనారు కొనేవాడికి 85.04ను 0.3060తో భాగించాలి. అప్పుడు 277.91 అవుతుంది.

చాలామంది తప్పేది ఇక్కడే. బిడ్‌ను బిడ్‌తో భాగిస్తే 277.78 వస్తుంది. చూడటానికి బాగానే ఉంటుంది గానీ ఆ ధరకు రూపాయలిచ్చేవాడు ఎవడూ ఉండడు. రెండు మెట్లలోనూ వినియోగదారుడికి నష్టమైన ధరే వర్తిస్తుంది. అందుకే తేడాలు కూడుకుంటాయి తప్ప రద్దయిపోవు. రూపాయి వైపు తేడా 0.05 శాతానికి కాస్త తక్కువ, దీనారు వైపు 0.16 శాతం, వెరసి 0.21 శాతం.

డాలరును పక్కనబెట్టి సొంత కరెన్సీల్లోనే చెల్లింపులు జరుపుకోవాలన్న వాదనను ఈ అంకెతోనే తూచాలి. 2023 జులైలో రిజర్వు బ్యాంకు, యూఏఈ కేంద్ర బ్యాంకు రూపాయి–దిర్హమ్ చెల్లింపులకు అవగాహన ఒప్పందం చేసుకున్నాయి. అలాంటి ఏర్పాటుకు విలువ ఉంది, కాదనలేం. కానీ సూటి ధర చెప్పే డీలరు కూడా డాలరు మీది రెండు ధరలనూ చూస్తూనే ఉంటాడు. దీనారునే తీసుకుంటే, అతను 277.91 కన్నా ఎక్కువకు కొంటానంటే డాలరు మీదుగా దీనార్లు తెచ్చి అతనికే అమ్మి లాభం చేసుకునేవాళ్లు క్షణాల్లో తయారవుతారు. 277.32 కన్నా తక్కువకు అమ్మజూపితే ఎదురు దారిలో అదే జరుగుతుంది. ఈ రెండు హద్దుల మధ్య మాత్రమే సూటి ధరకు చోటుంది. అంటే డాలరును తప్పించి మిగుల్చుకోగలిగేది, మహా అయితే, ఆ 0.21 శాతమే.

దిర్హమ్‌కైతే అంత కూడా ఉండదు. 1997 నుంచి దాన్ని డాలరుకు 3.6725 దగ్గర కట్టేశారు కనుక ఆ వైపు తేడా చాలా సన్నం. కువైట్ దీనారు 2007 నుంచి కొన్ని కరెన్సీల బుట్టతో ముడిపడి ఉంది, డాలరుతో పోలిస్తే కొద్దికొద్దిగా కదులుతుంది.

మరి పంపినవాడి డబ్బు ఎక్కడ తరుగుతోంది? పై ధరలున్న రోజునే కౌంటర్ 275.50 ఇచ్చిందనుకుందాం. 300 దీనార్లకు 82,650 రూపాయలు. క్రాస్ బిడ్ ప్రకారం రావలసింది దాదాపు 83,200. డాలరు దారి వల్ల పోయింది మధ్య ధరతో పోలిస్తే దాదాపు 88 రూపాయలు, కౌంటర్ మార్జిన్ వల్ల పోయింది దాదాపు 550. పైగా ఒక దీనారు రుసుము తీసుకుంటే చెల్లించినది 301 దీనార్లు. వచ్చిన రూపాయలను దానితో భాగిస్తే అసలు రేటు 274.58 అని తేలుతుంది. ‘రుసుము లేదు’ అన్న బోర్డును నమ్మాలా వద్దా అన్నది ఈ భాగహారమే చెబుతుంది.

కౌంటర్ల వైపూ కొంత న్యాయం ఉంది. కువైట్‌లో సెలవులు శుక్ర, శనివారాలు. శనివారం భారత మారక మార్కెట్ పనిచేయదు. ఆ రోజు ఖరారు చేసిన రేటుకు సోమవారం రూపాయి బలపడితే నష్టం కౌంటర్‌దే, కాబట్టి మార్జిన్ కాస్త పెంచుతారు. ఆ పెంపు ఎంతో రసీదులో కనిపించకపోవడమే అభ్యంతరకరం. యూరోపియన్ యూనియన్ 2019లో తెచ్చిన నిబంధన ప్రకారం, కార్డు చెల్లింపుల్లో కరెన్సీ మార్పిడి ఖర్చును యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు రేటుపై అదనపు శాతంగా చూపాలి. గల్ఫ్ నుంచి వచ్చే డబ్బుకూ అలాంటి వరుస ఒకటి రసీదులో ఉండాలని అక్కడి నియంత్రణ సంస్థలను భారత ప్రభుత్వం అడగవచ్చు. అందుకు కొత్త చెల్లింపు వ్యవస్థ అవసరం లేదు. డాలరు మీది రెండు ధరలు, ఒక భాగహారం చాలు.