‘గుర్తున్నానా మేడమ్?’ అని అడగొద్దు

కాలేజీలో సదస్సు అయిపోయిన మర్నాడు పొద్దున వక్తల ఫోన్లలో ఏముంటుందో తెలుసా? ‘హాయ్ సర్, నిన్న మిమ్మల్ని కలిశాను, మీ స్పీచ్ చాలా బాగుంది, గైడ్ చేయండి’. చిన్న టెక్ బ్లాగు రాసుకునే నాలాంటివాడు ఒక గంట మాట్లాడి వస్తేనే ఇలాంటివి ఇరవై దాకా వస్తాయి. అందరూ మర్యాదగానే రాస్తారు, కానీ ఎవరు ఎవరో తెలియదు. భోజనాల దగ్గర మంచి ప్రశ్న అడిగిన అమ్మాయి ఆ ఇరవైలో ఉన్నా కనిపెట్టలేం. ఆమె కూడా అదే వాక్యం రాసింది కదా.

నంద్యాల, ఆళ్లగడ్డ పిల్లలకు దీనివల్ల నష్టం ఎక్కువ. హైదరాబాద్ కంపెనీల్లో పనిచేసే బంధువు అందరికీ ఉండడు. సదస్సులో దొరికే మూడు నిమిషాలే చాలామందికి బయటి ప్రపంచంతో ఉన్న దారి. అది చిన్న దారి కూడా కాదు. మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం పొందినవారిని ‘ఆ మనిషిని అప్పట్లో ఎంత తరచుగా కలిసేవారు?’ అని అడిగాడు. తరచూ కలిసేవాళ్లమని చెప్పినవారు సుమారు 17 శాతమే. మిగతా అందరికీ అప్పుడప్పుడో, అరుదుగానో కలిసే మనుషులే దారి చూపారు. ఆ పరిశోధన 1970ల నాటిది. 2022లో వెలువడిన, లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మందికి పైగా వాడుకరులపై జరిగిన అధ్యయనం కూడా దాదాపు అదే తేల్చింది. ఉద్యోగం మారడానికి గాఢమైన స్నేహాల కన్నా ఓ మోస్తరు పరిచయాలే ఎక్కువ పనికొచ్చాయి. అయితే ఆ పరిచయం అవతలివాళ్ల బుర్రలో కూడా ఉండాలి కదా!

పేరు పోతుంది, మాట మిగులుతుంది

1987లో బ్రిటన్‌లో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. ముఖాల ఫొటోలు చూపించి, ఒక్కో మనిషి పేరు, చేసే పని చెప్పారు. కొన్ని పదాలు పేరుగానూ పనిగానూ చెల్లుతాయి. ‘బేకర్’ ఇంటిపేరూ కావచ్చు, రొట్టెలు కాల్చేవాడూ కావచ్చు. అదే పదాన్ని పనిగా చెప్పినప్పుడు బాగా గుర్తుంది, పేరుగా చెప్పినప్పుడు మర్చిపోయారు. పని అనగానే పొయ్యి, పిండి, వాసన కళ్లముందుకొస్తాయి. పేరుకు అలాంటి ఆసరా ఏమీ లేదు.

అందుకే ‘నేను ఫలానా, గుర్తున్నానా?’ అన్న వాక్యం, అవతలివాళ్లకు అన్నిటికన్నా కష్టమైన వస్తువునే అందించి వెతుక్కోమంటుంది. ఇవ్వాల్సింది మీ ఇద్దరి మధ్య నడిచిన మాట. అందులోనూ సగంలో ఆగిన మాట. ‘ఇలా చేసి చూశావా?’ అని ఆమె అడిగితే ‘లేదు మేడమ్’ అన్నారనుకోండి. అక్కడ ఆగిన చోటు నుంచే మీ మెయిల్ మొదలవ్వాలి.

ఒక మెయిల్ ఎలా తయారవుతుంది?

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఆళ్లగడ్డ అబ్బాయి, నంద్యాలలో బీటెక్ ఫైనలియర్. కేసీ కెనాల్ కింద పొలాల్లో వరి ఆకులను ఫొటోలు తీసి, అగ్గితెగులు ఉందో లేదో చెప్పే ప్రోగ్రాం తయారుచేశాడు. ఆరు పొలాలు, 1,200 ఫొటోలు, 94 శాతం కచ్చితత్వం. శనివారం సదస్సులో భోజన విరామంలో ఒక ఇంజినీర్‌తో మూడు నిమిషాలు మాట్లాడాడు. ఆమె ఒకటే అడిగింది: ‘ట్రైనింగ్‌కీ టెస్టుకీ ఒకే పొలం ఫొటోలు వాడావా?’ వాడానన్నాడు. ‘అయితే అది తెగులును కాదు, పొలాన్ని గుర్తుపడుతుండొచ్చు’ అంది. ఇంతలో నిర్వాహకులు పిలిచారు, ఆమె వెళ్లిపోయింది.

అతను అప్పటికే ఒక పని సరిగ్గా చేశాడు. ఆమె కదిలేలోపు ‘పొలం వారీగా విడదీసి చూస్తాను, ఫలితం మీకు పంపొచ్చా?’ అని అడిగి మెయిల్ అడ్రస్ తీసుకున్నాడు. ‘పంపు’ అన్న ఆ ఒక్క మాటతో తర్వాత వచ్చే మెయిల్ పిలవని పేరంటం కాకుండా పోయింది.

రెండో పని బస్సులో. నంద్యాలలో ఎక్కి శిరివెళ్ల దాటేలోపు ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసుకున్నాడు: ఎక్కడ కలిశాం, నేనేం చెప్పాను, ఆమె ఏమంది, ఎక్కడ ఆగింది. ఆమె అన్నది ఆమె మాటల్లోనే రాసుకున్నాడు. ఇంటికెళ్లి రాద్దామంటే మన మాటలు ఆమె మాటల్లో కలిసిపోతాయి. అనని మాట అన్నట్టు మెయిల్‌లో రాస్తే, ఉన్న కాస్త గుర్తూ అనుమానంగా మారుతుంది.

ఆదివారం పరీక్ష చేశాడు. ఐదు పొలాల ఫొటోలతో నేర్పించి, ఆరో పొలం మీద టెస్టు. ఇలా ఒక్కో పొలాన్ని పక్కన పెడుతూ ఆరుసార్లు. సగటు 71 శాతానికి పడిపోయింది. ఆమె అనుమానమే నిజమైంది. చాలామంది ఇక్కడ ఆగిపోతారు, మార్కు తగ్గింది, ఏం మొహం పెట్టుకుని పంపాలని. నిజానికి పంపాల్సింది ఇదే. తన మాట విని ఒకరు పని చేశారన్న రుజువు ఆ 71లో ఉంది. 94 అలాగే ఉండి ఉంటే ఆమెకు కొత్తగా తెలిసేదేమీ లేదు.

సోమవారం ఉదయం మెయిల్ పంపాడు. ఇంగ్లిష్‌లో రాసినా సారం ఇది. సబ్జెక్ట్: ‘వరి ఆకు ఫొటోలు, పొలం వారీగా విడదీస్తే 94 నుంచి 71’. ఫోన్ తెర మీద సబ్జెక్ట్‌లో మొదటి కొన్ని పదాలే కనిపిస్తాయి కాబట్టి గుర్తు తెచ్చే మాట ముందుకొచ్చింది. లోపల:

‘నమస్తే మేడమ్. శనివారం భోజన విరామంలో వరి అగ్గితెగులు ప్రాజెక్ట్ గురించి మాట్లాడాను. ప్రోగ్రాం తెగులును కాకుండా పొలాన్ని గుర్తుపడుతుండొచ్చని మీరన్నారు. నిన్న ఒక్కో పొలాన్ని పక్కన పెట్టి ఆరుసార్లు పరీక్షించాను. కచ్చితత్వం 94 నుంచి 71కి తగ్గింది. ఇప్పుడు నాకు రెండు దారులున్నాయి: మరో నాలుగు పొలాల్లో ఫొటోలు తీయడం, లేదా ఉన్న ఫొటోల్లో ఆకును మాత్రం కత్తిరించి నేపథ్యం తీసేయడం. మీరైతే ముందు ఏది చేస్తారు? ఒక్క మాట చెప్పినా చాలు.’

కింద పేరు, కాలేజీ, ఫోన్ నంబర్. అంతే. రెజ్యూమే లేదు, ‘ఓపెనింగ్స్ ఉంటే చెప్పండి’ లేదు.

చివరి ప్రశ్న చూడండి. లిఫ్టు కోసం ఎదురుచూస్తూ ‘ముందు కత్తిరించి చూడు’ అని టైప్ చేసి పంపేయొచ్చు. ‘గైడ్ చేయండి’ అంటే ఆమె కూర్చుని ఆలోచించాలి. ‘సాయంత్రం తీరిగ్గా రాద్దాం’ అనుకున్న మెయిల్‌కు ఆ సాయంత్రం రాదు. ప్రశ్న చిన్నది కావడం వినయం కోసం కాదు, జవాబు రావడం కోసం.

రెండు రోజుల్లో ఫలితం తేలని పని అయితే? అప్పుడూ ఆగొద్దు. మాట గుర్తుచేసి, ‘ఫలానా తేదీకి పరీక్షించి పంపుతాను’ అని రెండు వాక్యాలు రాయండి. ఆ తేదీకి పంపండి. మెయిల్ అడ్రస్ లేక లింక్డ్‌ఇన్‌లో రిక్వెస్ట్ పంపాల్సి వస్తే, దానితో పెట్టే నోట్‌లో కాస్త రాతే పడుతుంది. కాబట్టి పొగడ్తలు వదిలేసి, ఎక్కడ కలిశారు, ఏ మాట ఆగింది అన్న రెండే పెట్టండి.

పంపేముందు ఒక పరీక్ష

మెయిల్ పైన ఉన్న పేరు తీసేసి, అదే సదస్సులో మాట్లాడిన మరో వక్త పేరు పెట్టి చదవండి. అయినా అర్థవంతంగానే ఉంటే అది పనికిరాదు, మళ్లీ రాయండి. పైన ఉన్న మెయిల్‌ను ఇంకెవరికి పంపినా ‘నేనెప్పుడన్నాను?’ అంటారు. అలా ఉండాలి.

ఈ పద్ధతికీ హద్దుంది. సెల్ఫీ తీసుకుని ‘థాంక్యూ సర్’ అని వచ్చేస్తే, ఆగిన మాటంటూ ఏదీ లేదు. లేని సంభాషణను సృష్టించకండి. ‘మిమ్మల్ని కలవలేకపోయాను, హాల్లో విన్నాను’ అని నిజం చెప్పి, ప్రసంగంలోని ఒక ఫలానా విషయం మీద ఒక్క ప్రశ్న అడగండి. జవాబు వచ్చే అవకాశం తక్కువే, కానీ అబద్ధానికి అసలే రాదు.

జవాబు రాకపోతే

వారం, పది రోజులు ఆగండి. ఆ తర్వాత కొత్త మెయిల్ కాకుండా, మీ పాత మెయిల్‌కే రిప్లై కొట్టండి. మొదటి మాట కిందే ఉంటుంది కాబట్టి మళ్లీ గుర్తుచేయక్కర్లేదు. అయితే ‘నా మెయిల్ చూశారా?’ అని మాత్రం వద్దు, అది బాకీ వసూలులా ఉంటుంది. కొత్త సంగతి ఒకటి చెప్పండి: ‘ఆకును కత్తిరించి చూశాను, 71 నుంచి 78కి వచ్చింది. తర్వాత కొత్త పొలాలకు వెళ్తున్నాను. జవాబు ఇవ్వకపోయినా పర్లేదు, మీ ప్రశ్న వల్ల తప్పు దొరికింది, థాంక్స్.’ ఆ తర్వాత ఆపేయండి. మూడోసారి, వాట్సాప్‌లో ఒకటి, రాత్రి పదికి ఒక ఫోన్ కాల్, ఇవన్నీ వద్దు. ప్రయాణాలుంటాయి, పని ఒత్తిడి ఉంటుంది. మౌనం అంటే తిరస్కారమే కానక్కర్లేదు.

జవాబు వస్తే అదే రోజు ఒక వాక్యంలో థాంక్స్ చెప్పి, చెప్పింది చేసి, ఫలితం పంపండి. ఉద్యోగం మాట అప్పుడు, అదీ ఆమె కంపెనీలో మీకు సరిపోయే ఖాళీ నిజంగా పడినప్పుడు. జాబ్ నంబర్, మీరెందుకు సరిపోతారో రెండు వాక్యాలు, రెజ్యూమే పెట్టి, ‘మీకు సరేననిపిస్తేనే రిఫర్ చేయండి’ అని రాయండి. చాలా కంపెనీల్లో రిఫర్ చేసే ఉద్యోగిని ‘ఈ అభ్యర్థి మీకు ఎలా తెలుసు?’ అని అడుగుతారు. భోజనాల దగ్గర ఒకసారి కలిశాడని రాస్తే దానికి బరువు లేదు. ‘ఒక లోపం చూపిస్తే రెండు రోజుల్లో పరీక్షించి, తగ్గిన మార్కును దాచకుండా పంపాడు’ అని రాయడానికి ఆమె దగ్గర ఇప్పుడు మెయిళ్లే ఉన్నాయి.