తూకం కదలనప్పుడు ముద్ద తగ్గించకండి

మూడు వారాలుగా తూకం కదలకపోతే, కొవ్వు కరగడం ఆగిపోయిందని అనుకోకండి. ఉప్పు, నిద్రలేమి, కొత్త వ్యాయామం, స్త్రీలలో నెలసరి ఒంట్లో నీటిని నిలిపి, కరిగిన కొవ్వును తూకంలో కనబడనీయవు. 78 కిలోల నుండి 72కు వచ్చి ఆగిన ఒక గృహిణిని ఊహించండి. ఆ మూడు వారాల్లోనే నడుము 2 సెంటీమీటర్లు తగ్గితే, ఆమె రాత్రి భోజనం మానడం అనవసరం; ఓపికే మందు.

నడుము కూడా నెలరోజులు కదలకపోతే, ముందు నూనె, చిరుతిళ్ల లెక్క సరిచూడండి. లెక్క సరిగానే ఉండి నీరసం, ఆకలి వేధిస్తుంటే, రెండు వారాలు బరువు నిలకడగా ఉండేంత తినండి: రోజుకు మరో కప్పు అన్నం, కప్పు పప్పు. అప్పుడు పెరిగే కిలో చాలావరకు నీరే. ఈ విరామం కొవ్వును త్వరగా కరిగించదు. నియమాన్ని కొనసాగించే శక్తినిస్తుంది. ఒక్కనాటి విందు దానికి సాటిరాదు. ఇన్సులిన్ వాడేవారు మాత్రం వైద్యుని అడిగాకే ఆహారం మార్చాలి.