కీమో అయ్యాక ఆఫీసుకు రాసే ఉత్తరం

తలమీద జుట్టు మళ్లీ మొలిచిందంటే జబ్బు పూర్తిగా నయమైందనే అనుకుంటారు అందరూ. "తగ్గిందిగా, సోమవారం నుంచి వచ్చేయండి" అంటారు ఆఫీసులో. కానీ కీమో తెచ్చే నీరసం సూదులు ఆగిన రోజే పోదు. చాలామందిని నెలల తరబడి వదలదు. కొన్ని మందుల వల్ల వేళ్లు తిమ్మిరెక్కి పెన్ను కూడా సరిగా పట్టు చిక్కదు. అలాంటప్పుడు ఒకేసారి ఎనిమిది గంటల పనిలో దిగి, నెల తిరక్కుండానే రాజీనామా ఇచ్చేకంటే, కొద్దికొద్దిగా పని పెంచుకుంటానని ముందే అడగడం మేలు కదా!

క్యాన్సర్ వచ్చింది కాబట్టి సగం పూట ఇచ్చి తీరాలని ప్రైవేటు యాజమాన్యాలకు చెప్పే చట్టం మనకు విడిగా లేదు. ఈఎస్ఐ ఉన్నా, జీతం తీసుకుని పనిచేసిన రోజుకు జబ్బు భత్యం రాదు. అందుకే ఉత్తరం మీదే అంతా ఆధారపడుతుంది.

కడపలో ఒక ప్రైవేటు కాలేజీలో గుమాస్తాగా పనిచేసే ఆమె కరస్పాండెంట్ గారికి రాస్తోందనుకుందాం. "దయతో కొంతకాలం తేలిక పని ఇప్పించండి" అని రాస్తే లాభం లేదు. "కొంతకాలం" అంటే ఎంతో ఆయనకెలా తెలుస్తుంది? ఇలా రాయాలి:

"మొదటి నాలుగు వారాలు రోజూ ఉదయం 8 నుంచి 12 దాకా వస్తాను. తర్వాతి నాలుగు వారాలు వారానికి మూడు రోజులు పూర్తిగా, మూడు రోజులు సగం పూట. తొమ్మిదో వారం నుంచి మామూలుగానే. మొత్తం 36 సగం పూటలకు 18 రోజుల సెలవు, కర్నూలులో డాక్టరుకు చూపించుకునే రెండు రోజులు కలిపి నా సెలవుల్లోంచి 20 తగ్గించుకోండి. నాలుగో వారం చివర ఇద్దరం కూర్చుని చూద్దాం."

సెలవులు లేకపోతే, ఆ పూటలకు జీతం కోసుకోమని స్పష్టంగా రాయాలి. పని వేళ కూడా చూసుకోవాలి. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి కడప ఎండలో ఇంటికి బయల్దేరితే, సగం పూట పనిచేసిన సుఖమే ఉండదు.

చాలామంది దెబ్బతినేది డాక్టరు సర్టిఫికెట్ దగ్గర. అందులో "ఫిట్" అని ఒక్క మాటే ఉంటే, "మరి సగం పూట ఎందుకు?" అంటుంది యాజమాన్యం. ఫలానా తేదీ వరకు రోజుకు నాలుగు గంటలే అని, బరువులు ఎత్తకూడదనుకుంటే అదీ రాయించుకోవాలి. ఉత్తరంలోని తేదీలూ సర్టిఫికెట్‌లోని తేదీలూ ఒకటే ఉండాలి. జబ్బు వివరాలన్నీ యాజమాన్యానికి చెప్పక్కర్లేదు.

ఆదివారమంతా పడుకున్నా సోమవారం పొద్దున లేవలేకపోతుంటే తొందరపడుతున్నారని అర్థం. అప్పుడు గంటలు పెంచకుండా, డాక్టరుకు చూపించుకుని, ఉన్న దశలోనే మరో రెండు వారాలు కావాలని అడగండి. అందుకే కూర్చుని చూద్దామన్న ఆ చివరి వాక్యాన్ని ఉత్తరంలోంచి తీసెయ్యకండి. ఉత్తరం నకలు మీద తేదీతో సంతకం తీసుకోవడమూ మరవకండి.