లైటు అమ్మడం కాదు, వెలిగించి ఉంచడమే వ్యాపారం

మన పల్లెల్లో పశువుల కొట్టం దగ్గర, బోరు దగ్గర పెట్టిన సోలార్ లైట్లు చాలావరకు ఏడాది తిరగకుండానే ఆరిపోతున్నాయి. జనం సోలార్‌నే తిడుతున్నారు. నిజానికి తప్పు ఎండది కాదు, లెక్కది. మోటార్లు విప్పి బిగించే చెయ్యి ఉన్న మన ఊరి కుర్రవాడు ఈ వ్యాపారంలోకి దిగాలంటే ముందు ఆ లెక్క నేర్చుకోవాలి.

10 వాట్ల లైటు రాత్రి 12 గంటలు వెలగాలంటే 120 వాట్ అవర్లు కావాలి. 12 వోల్టుల, 20 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో 240 ఉంటాయి. అందులో సగమే వాడుకుంటే అది కొన్నేళ్లు నిలుస్తుంది. అంటే సరిగ్గా సరిపోతుంది. దాన్ని నింపడానికి 40 వాట్ల ప్యానెల్ కావాలి. చాలామంది ధర తగ్గించడానికి 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ పెడతారు. దాంట్లో ఉండేవే 84. తెల్లవారకముందే లైటు ఆరిపోతుంది, రోజూ అడుగంటా ఖాళీ అయ్యే బ్యాటరీ త్వరగా చచ్చిపోతుంది. అందుకే కొనేవాడు "ఎన్ని వాట్లు?" అని కాదు, "ఎన్ని గంటలు వెలుగుతుంది, బ్యాటరీ ఎంత?" అని అడగాలి. అమ్మేవాడు అది బిల్లు మీద రాసివ్వాలి.

ఆరిన లైటును చూడటానికి ఒక మల్టీమీటరు చాలు. ముందు ప్యానెల్ దుమ్ము తుడవాలి, చెట్టు నీడ పడుతోందేమో చూడాలి. మిట్టమధ్యాహ్నం వైర్లు విప్పి కొలిస్తే 12 వోల్టుల ప్యానెల్ 18 నుంచి 21 వోల్టుల దాకా చూపించాలి. అది బాగుండి, సాయంత్రానికి బ్యాటరీ వోల్టేజి పెరగకపోతే వైరు జాయింట్లు, తరవాత చార్జ్ కంట్రోలర్ చూడాలి. బ్యాటరీ నిండినట్టు 12.6 చూపించి, లైటు వేసిన అరగంటకే 11 కిందికి జారితే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే. దాన్ని పగలగొట్టి సీసం తీయకూడదు, అది విషం. పాత బ్యాటరీ తీసుకునే డీలరుకే ఇచ్చి, ఆ సొమ్ము కొత్తదాని ధరలో తగ్గించుకోవాలి.

ఈ పనికి పెద్ద దుకాణం అక్కర్లేదు. కొన్ని నెలలకోసారి వచ్చి ప్యానెల్ తుడిచి, టెర్మినళ్లు శుభ్రం చేసి, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోసి వెళ్లేవాడికి ఇంటికింత అని ఇస్తే మంచి ఆదాయమే. అయితే చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్లు చాలినన్ని ఉండాలి. ఒక్క ఊరితో పొట్ట గడవదు.

అందుకే మన సంఘం పంచాయతీలను ఒకటి అడగాలి. లైట్లు కొన్నప్పుడే అయిదేళ్ల మరమ్మతు ఒప్పందం కూడా రాయాలి, ఆ పని స్థానికుడికే ఇవ్వాలి. లేకపోతే కొనుగోలు డబ్బు పట్నానికి పోతుంది, చీకటి మాత్రం మనకు మిగులుతుంది.