ఎర్రరంగు కింద వరి మడులు

కొండ భూముల యోగ్యత తేల్చే పటాల్లో ఒక పద్ధతి బాగా పాతుకుపోయింది. ఉచితంగా దొరికే 30 మీటర్ల ఎత్తుల రాస్టర్‌ను QGISలో తెరిచి, Slope నడిపి, 15 డిగ్రీలు దాటిన ప్రతి గడికీ ఎర్రరంగు వేసి, సాగుకు పనికిరాదని రాసేస్తారు. కట్టలు లేని పోడు వాలుకు ఆ ఎర్రరంగు సబబే. మెట్ల మడులున్న కొండకు మాత్రం అది అన్యాయమైన తీర్పు.

ఒడిశాలోని గజపతి జిల్లా కొండల్లో సవరలు రాతికట్టలు పేర్చి, మెట్లుమెట్లుగా వరి మడులు తీర్చారు. అలాంటి వాలు ఒకదాన్ని లెక్కకు తీసుకుందాం. మడి వెడల్పు 4 మీటర్లు, మడికీ మడికీ మధ్య కట్ట ఎత్తు 2 మీటర్లు. ఒక్క గడిలోనే ఏడెనిమిది మడులు ఇమిడిపోతాయి. పైగా Slope ఏ గడినీ విడిగా చూడదు. చుట్టూ ఉన్న ఎనిమిది గడుల ఎత్తులు తీసుకుని, ఎదురెదురు వరుసల మధ్య తేడా లెక్కిస్తుంది. ఇక్కడ 60 మీటర్ల దూరానికి 30 మీటర్ల ఎత్తు పెరుగుతుంది, అంటే 26.6 డిగ్రీలు. లెక్క సరైనదే, కానీ అది కొండ వాలు. నీరు నిలిచేదీ నాగలి నడిచేదీ దాదాపు చదునుగా ఉన్న మడిలో. అది ఈ పటంలో ఎక్కడా లేదు.

ఇంకా సన్నని రాస్టర్ తెస్తే సరిపోతుందని కొందరి వాదన. డ్రోన్‌తో అర మీటరు గడి తెచ్చామే అనుకోండి. మడికి ఎనిమిది గడులు వస్తాయి. కట్ట నిట్టనిలువుగా ఉన్నా దానికి అటొకటి ఇటొకటి గడి 63 డిగ్రీలు చూపిస్తుంది. మిగిలిన ఆరూ చదును. చదును గడులను వేరు చేయడానికి రాస్టర్ కాలిక్యులేటర్‌లో ఇలా రాస్తాం:

```
"slope@1" < 5
```

నిజానికి కొండవాలంతా మడులే అయినా, పావు వంతు భూమి ఈ లెక్కలో మాయమవుతుంది. ఆ పావు వంతు కట్టది కాదు, పక్క గడులను కలుపుకునే లెక్క తిన్నది. అంతకన్నా పెద్ద పొరపాటు, ఈ గడులన్నిటి సగటు తీసి నివేదికలో పెట్టడం. ఆ సగటు వాలున్న నేల ఆ కొండ మీద ఒక్క అడుగైనా ఉండదు.

వాలు దిశ చెప్పే Aspect పటం విషయంలో పట్టింపు ఇంకా ఎక్కువ. ఉత్తరానికి తిరిగిన వాలు అనగానే ఎండ తక్కువని మార్కులు కోసేస్తారు. గజపతి కొండలు దాదాపు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. జూన్ చివర్లో మధ్యాహ్న సూర్యుడు అక్కడ నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు, కాబట్టి ఖరీఫ్ వరి తొలి దశలో ఈ భేదం లెక్కలోది కాదు. డిసెంబరులో మాత్రం మధ్యాహ్నం దక్షిణాన సుమారు 48 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు 2 మీటర్ల కట్ట నీడ 1.8 మీటర్ల దాకా మడి మీద పడుతుంది. మడి లోపలి సగం నీడలో ఉంటే, బయటి సగానికి నిండు ఎండ దక్కుతుంది. రెండో పంట వేసే రైతుకు కావలసిన సంగతి ఇదే. Aspect పటం ఆ మడంతటికీ ‘ఉత్తరం’ అన్న ఒక్క ముద్ర వేసి ఊరుకుంటుంది.

అలాగని Slope పటాన్ని అవతల పారేయమనడం లేదు. ముందు రాస్టర్‌ను మీటర్ల ప్రొజెక్షన్‌లోకి మార్చాలి. 84 డిగ్రీల తూర్పు రేఖాంశం దాటిన గజపతి కొండలకు అది EPSG:32645. డిగ్రీల్లోనే ఉంచి, స్కేలు సరిచేయకుండా నడిపితే కొండంతా 90 డిగ్రీల దరిదాపుల్లో కనబడుతుంది. ఆ సంఖ్య చూడగానే తప్పు పట్టేయవచ్చు. సరైన వాలు చేతికొచ్చాక, ఉపగ్రహ చిత్రం మీద మడి వెడల్పు కొలిచి, వాలు టాంజెంటుతో గుణించండి. మడి చదునుగా ఉండాలంటే కట్ట ఎంత ఎత్తు ఉండాలో తెలుస్తుంది. మన ఉదాహరణలో 2 మీటర్లు.

ఇక టేపు పట్టుకుని కొండెక్కాలి. కట్ట 1.2 మీటర్లే ఉందనుకోండి. మిగతా 0.8 మీటర్లు మడిలోనే పల్లంగా దిగి ఉండాలి, అంటే మడి బయటికి 11 డిగ్రీలు వాలి ఉంది. అక్కడ నీరు నిలవదు, మట్టి కొట్టుకుపోతుంది. అది కాదు, మడి కంటికి చదునుగానే కనిపిస్తోందంటే తప్పు రాస్టర్‌ది. SRTM వంటి రాడార్ కొలతలు చెట్ల ఎత్తులో కొంత భాగాన్ని కూడా నేలగా లెక్కేస్తాయి గనక తోపు అంచుల్లో లేని వాలు పుట్టుకొస్తుంది. ఎర్రరంగు వేసే ముందు ఈ రెండింటిలో ఏదో తేల్చుకోవాలి, అది తేలేది ఆ మడి గట్టు మీదే.